ఏడు గళ్ల నిచ్చెన: ఏ హెడర్‌ను ఎవరు విప్పుతారు?

స్పాట్ వాల్యుయేషన్‌కు కూర్చున్న ప్రతిసారీ కంప్యూటర్ నెట్‌వర్క్స్ జవాబుపత్రాల్లో నాకు ఒకటే బొమ్మ ఎదురవుతుంది. స్కేలు పెట్టి గీసిన నిచ్చెన లాంటి ఏడు గళ్లు. పైన అప్లికేషన్, అడుగున ఫిజికల్. ప్రతి గడి పక్కన లేయర్ చేసే పని, దాని పక్కన ప్రోటోకాల్స్ పేర్లు. క్లాసులో చూపిన స్లైడ్ ఎలా ఉందో పొల్లుపోకుండా అలాగే దిగుతుంది. మార్కులు వేయక తప్పదు, వేస్తాను.

రెండు పేజీలు తిప్పితే అదే చేతిరాతలో ఇంకో జవాబు. ఒక ల్యాప్‌టాప్ నుంచి వేరే నెట్‌వర్క్‌లో ఉన్న సర్వర్‌కు ప్యాకెట్ వెళుతోంది, మధ్యలో రౌటర్ ఉంది. ల్యాప్‌టాప్ నుంచి బయల్దేరిన ఫ్రేమ్ మీద గమ్యం మ్యాక్ అడ్రస్ ఎవరిది అన్నది ప్రశ్న. విద్యార్థి సర్వర్‌ది అని రాస్తాడు. అది తప్పు. ఏడు గళ్లనూ అప్పజెప్పినవాడే ఆ పట్టికను వాడాల్సిన మొదటి చోట తడబడ్డాడు.

పాపం విద్యార్థిది కాదు, స్లైడ్‌ది. స్లైడ్లలో ఉండే పట్టికకు సాధారణంగా మూడు నిలువు వరుసలే ఉంటాయి: లేయర్, పని, ప్రోటోకాల్. ఎవరు ఎక్కడ ఉంటారో అది చెబుతుంది. కానీ ఎవరి హెడర్‌ను దారిలో ఎవరు చదువుతారో చెప్పదు. పరీక్షలో మార్కులు తెంచే ప్రశ్నలన్నీ ఆ చెప్పని చోటనే పుడతాయి. అందుకే నేను క్లాసులో అదే పట్టికకు ఇంకో మూడు వరుసలు కలుపుతాను: మూట పేరు, దాని మీది చిరునామా ఒకటి, ఆ మూటను ఎవరు విప్పుతారన్నది రెండోది, పేపర్‌లో ఏమడుగుతారన్నది మూడోది.

| లేయర్ | పని | ప్రోటోకాల్స్ | మూట, చిరునామా | విప్పేది ఎవరు | పేపర్‌లో అడిగేది |
|---|---|---|---|---|---|
| 7 అప్లికేషన్ | వాడేవాళ్ల పని: పేజీ, మెయిల్, పేరు వెతకడం | హెచ్‌టీటీపీ, ఎస్‌ఎంటీపీ, డీఎన్‌ఎస్ | సందేశం, సైటు పేరు | రెండు చివర్లలోని ప్రోగ్రాములు | పోర్ట్ నంబర్లు, డీఎన్‌ఎస్ వెతికే తీరు |
| 6 ప్రెజెంటేషన్ | డేటాకు ఉమ్మడి రూపం | ఏఎస్‌ఎన్.1 | విడి చిరునామా లేదు | రెండు చివర్లు | రెండు మార్కుల నిర్వచనం |
| 5 సెషన్ | సంభాషణ మొదలు, ముగింపు | ఆర్‌పీసీ అని రాస్తారు | విడి చిరునామా లేదు | రెండు చివర్లు | రెండు మార్కుల నిర్వచనం |
| 4 ట్రాన్స్‌పోర్ట్ | ప్రోగ్రాము నుంచి ప్రోగ్రాముకు చేర్చడం | టీసీపీ, యూడీపీ | సెగ్మెంట్. 16 బిట్ల పోర్ట్ | రెండు చివర్లు | టీసీపీ, యూడీపీ తేడా. విండో లెక్కలు |
| 3 నెట్‌వర్క్ | నెట్‌వర్క్‌లు దాటించి దారి చూపడం | ఐపీ, ఐసీఎంపీ | ప్యాకెట్. 32 బిట్ల ఐపీ అడ్రస్ | దారిలో ప్రతి రౌటర్, రెండు చివర్లు | సబ్‌నెటింగ్, ఫ్రాగ్మెంటేషన్ |
| 2 డేటా లింక్ | ఒక్క లింకు దాటించడం | ఈథర్‌నెట్, వైఫై, పీపీపీ | ఫ్రేమ్. 48 బిట్ల మ్యాక్ అడ్రస్ | స్విచ్, రౌటర్, రెండు చివర్లు | సీఆర్‌సీ, స్టాప్ అండ్ వెయిట్, కనీస ఫ్రేమ్ |
| 1 ఫిజికల్ | బిట్‌ను సిగ్నల్‌గా మార్చడం | కేబుల్, రేడియో ప్రమాణాలు | బిట్. చిరునామా లేదు | హబ్, రిపీటర్ సహా అందరూ | నైక్విస్ట్, షానన్ లెక్కలు |

ఐపీ అడ్రస్ 32 బిట్లు అన్నది పాత నాలుగో వెర్షన్‌కు సంబంధించినది. ఆరో వెర్షన్‌లో 128 బిట్లు. మన పేపర్లలో లెక్కలు ఎక్కువగా నాలుగో వెర్షన్ మీదే వస్తాయి కాబట్టి ఇక్కడా అదే తీసుకున్నాను.

ఐదో వరుసను అడుగు నుంచి పైకి చదవండి. హబ్‌కు సిగ్నల్ తప్ప ఏమీ తెలియదు. స్విచ్ రెండో లేయర్ దాకా చూస్తుంది. రౌటర్ మూడో లేయర్ దాకా విప్పుతుంది. నాలుగు, ఆపై లేయర్లను దారిలో ఎవరూ ముట్టుకోరు, రెండు చివర్లలో ఉన్న కంప్యూటర్లే విప్పుతాయి. నిచ్చెన బొమ్మ మొత్తంలో గుర్తుంచుకోవాల్సింది ఇదే.

పై గళ్లు ఎందుకు బోసిగా ఉంటాయి

పట్టికలో 5, 6 లేయర్ల ఎదురుగా నేను పెద్దగా ఏమీ రాయలేదు. స్లైడ్లలో మాత్రం అక్కడ జేపెగ్, ఎంపెగ్, నెట్‌బయోస్ అంటూ ఏవో పేర్లు కూర్చి ఉంటాయి. ఖాళీ గడి చూడ్డానికి బాగుండదని నింపినట్టుంటుంది. గడి ఖాళీగా ఉండటానికి ఒక చరిత్ర ఉంది.

ఈ పట్టికకు ఇద్దరు తల్లులు. ఏడు గళ్ల చట్రం అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓది. 1984లో ఓఎస్‌ఐ రిఫరెన్స్ మోడల్ పేరుతో, ఐఎస్‌ఓ 7498 అనే సంఖ్యతో వెలువడింది. ఏ కంపెనీ కంప్యూటర్ అయినా ఏ కంపెనీ కంప్యూటర్‌తోనైనా మాట్లాడాలంటే పని ఎలా పంచుకోవాలో ముందు తేల్చుకుని, ఆ తర్వాత ఒక్కో గడికీ ప్రోటోకాల్స్ రాసుకోవాలని కమిటీ ఆలోచన.

గళ్లలో మనం రాసే పేర్లు మాత్రం ఇంకో ఇంటివి. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో ప్రచురించిన పత్రంతో మొదలైన టీసీపీ/ఐపీ కుటుంబం అది. అమెరికా రక్షణ శాఖ నడిపిన ఆర్పానెట్ 1983 జనవరి 1న పాత ప్రోటోకాల్ వదిలేసి దానికి మారిపోయింది. అంటే కమిటీ చట్రం అచ్చయ్యేనాటికే అవతలి ఇంట్లో కాపురం మొదలైపోయింది. ఆ కుటుంబం తనకు నాలుగు లేయర్లు చాలనుకుంది. 1989లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1122 పత్రం వాటిని లింక్, ఇంటర్నెట్, ట్రాన్స్‌పోర్ట్, అప్లికేషన్ అని పేర్కొంది. సెషన్, ప్రెజెంటేషన్ పనులను అప్లికేషన్ రాసేవాళ్లకే వదిలేసింది.

కాబట్టి మన స్లైడ్ ఒక ఇంటి చట్రంలో ఇంకో ఇంటి సామాను సర్దిన పట్టిక. నాలుగు గదుల సామాను ఏడు గదుల్లో సర్దితే రెండు గదులు బోసిపోవడం వింతేమీ కాదు. ఆ బోసిపోయిన గదిలో నిజంగా నివసించే మనిషి ఎవరని అడిగితే ఏఎస్‌ఎన్.1ను చూపించవచ్చు. డేటాను ఏ యంత్రమైనా ఒకేలా చదివేట్టు ఎలా రాయాలో చెప్పే పద్ధతి అది. బ్రౌజర్‌లో తాళం గుర్తు వెనక ఉండే ఎక్స్.509 సర్టిఫికెట్ ఈనాటికీ ఆ పద్ధతిలోనే రాసి ఉంటుంది. ఓఎస్‌ఐ ఓడిపోయిందంటారు గానీ బ్యాంకు సైటు తెరిచిన ప్రతిసారీ దాని ఆరో లేయర్ ముక్క ఒకటి మన ఫోన్లోకి వస్తూనే ఉంది.

పరీక్షకు ఇది ఎందుకు పనికొస్తుందంటే, ఓఎస్‌ఐ, టీసీపీ/ఐపీ మోడళ్ల తేడాలు రాయమనే ప్రశ్న సెమిస్టర్ పేపర్లలో తరచూ వస్తుంది. ఏడు, నాలుగు అని లెక్క చెప్పి వదిలేసేవాళ్లే ఎక్కువ. ఒకదానిలో ముందు మోడల్ వచ్చింది, తర్వాత ప్రోటోకాల్స్ రాశారు. రెండోదానిలో ముందు ప్రోటోకాల్స్ పనిచేశాయి, తర్వాత వాటికి మోడల్ అని పేరుపెట్టారు. ఈ వాక్యం ఉన్న జవాబు పేపర్ల కట్టలో వెంటనే కనబడుతుంది.

ప్యాకెట్ వెంట ఒక ప్రయాణం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. అంకెలతోనే చేద్దాం. ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ 10.0.1.5. సర్వర్ ఐపీ అడ్రస్ 10.0.2.8. రెండింటికీ మాస్క్ 255.255.255.0. మధ్యలో ఒకే రౌటర్. దానికి రెండు ముఖాలు: ల్యాప్‌టాప్ వైపు 10.0.1.1, సర్వర్ వైపు 10.0.2.1. ప్రతి ముఖానికీ తనదైన మ్యాక్ అడ్రస్ ఉంటుంది.

ల్యాప్‌టాప్ మొదట ఒక చిన్న లెక్క చేసుకుంటుంది. సర్వర్ అడ్రస్‌కు మాస్క్ వేస్తే 10.0.2.0 వస్తుంది. తన అడ్రస్‌కు వేస్తే 10.0.1.0. రెండూ వేరు కాబట్టి సర్వర్ తన వీధిలో లేదు. అలాంటప్పుడు ఉత్తరాన్ని గేట్‌వేకు, అంటే 10.0.1.1కు ఇవ్వాలి.

గేట్‌వే ఐపీ అడ్రస్ తెలుసు గానీ ఈథర్‌నెట్ ఫ్రేమ్ మీద రాయడానికి మ్యాక్ అడ్రస్ కావాలి. అందుకు ఏఆర్‌పీ అనే ప్రోటోకాల్ వీధి మొత్తానికీ వినబడేలా కేకేస్తుంది: 10.0.1.1 ఎవరు? ఇక్కడ గమనించాల్సింది, అది అడిగేది రౌటర్ గురించి. సర్వర్ గురించి కాదు. సర్వర్ గురించి కేకేసినా లాభం లేదు, ఆ కేక రౌటర్ దాటి అవతలి వీధికి పోదు. రౌటర్ తన మ్యాక్ అడ్రస్ చెబుతుంది. ల్యాప్‌టాప్ దాన్ని ఫ్రేమ్ మీద రాసి పంపుతుంది.

అంటే మొదటి లింకు మీద మూటలు ఇలా ఉంటాయి. లోపలి ఐపీ హెడర్ మీద నుంచి 10.0.1.5, కు 10.0.2.8. బయటి ఫ్రేమ్ మీద ల్యాప్‌టాప్ మ్యాక్ నుంచి, రౌటర్ ఎడమ ముఖం మ్యాక్‌కు. రౌటర్ ఆ ఫ్రేమ్‌ను విప్పి పారేస్తుంది. లోపలి ప్యాకెట్ మీది అడ్రస్ చదివి, టీటీఎల్ అనే అంకెను ఒకటి తగ్గిస్తుంది. 64తో వచ్చింది 63 అవుతుంది. హెడర్‌లో ఒక అంకె మారింది కాబట్టి ఐపీ హెడర్ చెక్‌సమ్‌ను కూడా మార్చి రాస్తుంది. తర్వాత అవతలి వీధిలో 10.0.2.8 ఎవరని ఏఆర్‌పీతో అడిగి, కొత్త ఫ్రేమ్ కట్టి పంపుతుంది. ఈసారి ఫ్రేమ్ మీద రౌటర్ కుడి ముఖం మ్యాక్ నుంచి, సర్వర్ మ్యాక్‌కు అని ఉంటుంది. ఐపీ అడ్రస్‌లు మాత్రం మొదట ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

రైల్వే మెయిల్ సర్వీస్‌లో పనిచేసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. కవరు మీది అడ్రస్ రాసినవాళ్లు రాసినట్టే చివరిదాకా ఉంటుంది. కవర్లు వేసిన సంచికి కట్టే చీటీ మాత్రం తర్వాతి సార్టింగ్ ఆఫీసుది. అక్కడ సంచి విప్పి, ఇంకో సంచిలో వేసి, ఇంకో చీటీ కడతారు. చీటీ మ్యాక్ అడ్రస్ అనుకుంటే కవరు మీది అడ్రస్ ఐపీ. ఇల్లు చేరాక ఉత్తరం ఆ ఇంట్లో ఎవరికో చెప్పే పేరు పోర్ట్ నంబరు.

ఒకసారి క్లాసులో చివరి బెంచీ నుంచి ఒకమ్మాయి లేచింది. "సార్, డేటా లింక్‌లో సీఆర్‌సీతో ఎర్రర్ పట్టుకుంటుంది కదా. మళ్లీ టీసీపీలో చెక్‌సమ్ ఎందుకు? రెండుసార్లు దండగ కాదా?"

"సీఆర్‌సీ రాసిన ఫ్రేమ్‌ను రౌటర్ ఏం చేసిందమ్మా?" అన్నాను.

కాసేపు ఆలోచించింది. "విప్పి పారేసింది సార్."

"పారేశాక, కొత్త ఫ్రేమ్ కట్టే లోపు ప్యాకెట్ రౌటర్ మెమరీలో ఉంది. అక్కడ ఒక బిట్ తిరగబడితే?"

అప్పుడామెకు అర్థమైంది. చెడిపోయిన ప్యాకెట్‌కు రౌటర్ కొత్త సీఆర్‌సీ లెక్కగట్టి అంటిస్తుంది. తప్పు డేటాకు సరైన సీఆర్‌సీ! అవతలి సర్వర్ దాన్ని చూసి అంతా బాగుందనుకుంటుంది. ఐపీ హెడర్ చెక్‌సమ్ కూడా కాపాడదు, అది హెడర్‌కే పరిమితం, లోపలి డేటాను లెక్కలోకి తీసుకోదు. ల్యాప్‌టాప్‌లో లెక్కగట్టి, సర్వర్‌లో సరిచూసే టీసీపీ చెక్‌సమ్ మాత్రమే దాన్ని పట్టుకోగలదు. ఒక లింకుకు కాపలా వేరు, ప్రయాణం మొత్తానికి కాపలా వేరు. రెండూ ఎందుకన్న పది మార్కుల ప్రశ్నకు ఈ ఒక్క ఉదాహరణ సరిపోతుంది.

టీసీపీ చెక్‌సమ్‌కూ లోపం ఉంది. అది 16 బిట్ల ముక్కలన్నిటినీ కూడి తేల్చే అంకె. కూడికలో వరుస మారినా మొత్తం మారదు కాబట్టి రెండు ముక్కలు ఒకదాని చోట ఒకటి పడితే అది కనిపెట్టలేదు. మార్కులు ఇంకా కావాలనుకున్నవాళ్లు ఈ మాటా రాయవచ్చు.

మూటల తూకం

గేట్ పేపర్‌లో అంకె టైప్ చేసి జవాబివ్వాల్సిన ప్రశ్నలుంటాయి. వాటికి నెగెటివ్ మార్కులు లేవు, ఊహించడానికి నాలుగు ఆప్షన్లూ లేవు. నెట్‌వర్క్స్‌లో అలాంటి లెక్కలకు పట్టికలోని మూట పేర్లే ఆధారం. ఒక లెక్క చేసి చూద్దాం.

ఒక ప్రోగ్రాము 3000 బైట్ల సందేశాన్ని టీసీపీ మీద, ఈథర్‌నెట్ గుండా పంపుతోంది. ఆ సందేశాన్ని మోసే ఫ్రేములన్నీ కలిపి ఎన్ని బైట్లు?

ఈథర్‌నెట్ ఫ్రేమ్ లోపల పట్టేది 1500 బైట్లు. అందులో ఐపీ హెడర్‌కు కనీసం 20, టీసీపీ హెడర్‌కు కనీసం 20 పోతే సందేశానికి మిగిలేది 1460. కాబట్టి 3000 బైట్లు 1460, 1460, 80 అని మూడు ముక్కలవుతాయి. ప్రతి ముక్కకూ టీసీపీ 20, ఐపీ 20, ఈథర్‌నెట్ హెడర్ 14, చివర సీఆర్‌సీకి 4, మొత్తం 58 బైట్లు తోడవుతాయి. ఫ్రేములు 1518, 1518, 138 బైట్లు. కలిపితే 3174. అసలు సందేశం అందులో 3000, అంటే సుమారు 94.5 శాతం.

ఇదే లెక్కను తిరగేస్తే ఉచ్చు ఒకటి ఉంది. టెల్‌నెట్‌లో ఒక అక్షరం నొక్కామనుకోండి. సందేశం 1 బైటు. టీసీపీ, ఐపీ హెడర్లతో 41. దానికి 18 కలిపి 59 అని రాసేస్తారు చాలామంది. జవాబు 64. ఈథర్‌నెట్ ఫ్రేమ్ 64 బైట్ల కంటే చిన్నదిగా ఉండకూడదు. అందుకే లోపలి భాగం 46కు తగ్గితే ఆ కొరతను ఉత్త బైట్లతో పూడుస్తారు. ఇక్కడ అలా పూడ్చినవి 5.

64 ఎక్కడి నుంచి వచ్చింది? పాత 10 మెగాబిట్ల ఈథర్‌నెట్‌లో అందరూ ఒకే తీగ పంచుకునేవారు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఢీకొన్న సంగతి పంపేవాడికి పంపడం పూర్తికాకముందే తెలియాలి. తీగ ఆ చివర దాకా వెళ్లి తిరిగి రావడానికి పట్టే అత్యధిక సమయాన్ని 51.2 మైక్రోసెకన్లుగా నిర్ణయించారు. 10 మెగాబిట్ల వేగంతో ఆ సమయంలో వెళ్లేవి 512 బిట్లు, అంటే 64 బైట్లు. నేటి స్విచ్‌లలో ఢీకొనడమే లేదు. అయినా 64 అలాగే నిలిచిపోయింది.

మరి అవతల అందుకున్నవాడికి ఏది సందేశమో, ఏది పూడ్చిన చెత్తో ఎలా తెలుస్తుంది? ఈథర్‌నెట్ హెడర్ చెప్పదు. ఐపీ హెడర్‌లో మొత్తం పొడవు అనే అంకె ఉంటుంది, అందులో 41 అని రాసి ఉంటుంది. మిగిలిన ఐదింటినీ ఐపీ వదిలేస్తుంది. రెండో లేయర్ చేసిన పనిని మూడో లేయర్ సరిదిద్దడం చూడాలంటే ఇంతకంటే చిన్న ఉదాహరణ దొరకదు.

ల్యాబ్‌లో వైర్‌షార్క్ పెట్టి ఇదే చూసిన విద్యార్థులు మరునాడు పుస్తకం తప్పంటూ వస్తారు. ఫ్రేమ్ 1518 ఉండాలి, 1514 అని చూపిస్తోంది, లోపలి సందేశం 1460 ఉండాలి, 1448 ఉందంటారు. పుస్తకమూ సరే, తెరా సరే. చివరి 4 బైట్ల సీఆర్‌సీని నెట్‌వర్క్ కార్డు సరిచూసి తీసేస్తుంది, అది సాధారణంగా వైర్‌షార్క్ దాకా రాదు. ఇక టీసీపీ చాలా సిస్టమ్స్‌లో టైమ్‌స్టాంప్ అనే 12 బైట్లను హెడర్‌కు జోడిస్తుంది. 1460లో అవి పోతే 1448. పేపర్‌లో కనీస హెడర్ అని ఉంటే 20, తెర మీద ఉన్నది ఉన్నట్టు.

గడి దొరకని ప్రోటోకాల్స్

రెండు మార్కుల ప్రశ్నల్లో ఎక్కువ వాదనకు దారితీసేది ఒకటుంది: ఫలానా ప్రోటోకాల్ ఏ లేయర్‌ది? ఒక స్లైడ్ ఒకటి చెబుతుంది, ఇంకో స్లైడ్ ఇంకోటి చెబుతుంది. ఇక్కడ నాకు పనికొచ్చే సూత్రం, రెండు ప్రశ్నలను విడదీయడం. ఆ ప్రోటోకాల్ ఏ లేయర్ పని చేస్తుంది? ఏ లేయర్ మూటలో ప్రయాణిస్తుంది? చాలావాటికి రెండింటికీ ఒకే జవాబు. వాదన రెండూ కలవనిచోటనే.

ఏఆర్‌పీ మూడో లేయర్ అడ్రస్ తీసుకుని రెండో లేయర్ అడ్రస్ వెతుకుతుంది. దానికి ఐపీ హెడర్ ఉండదు, నేరుగా ఈథర్‌నెట్ ఫ్రేమ్‌లో కూర్చుంటుంది. ఫ్రేమ్ హెడర్‌లో లోపల ఏముందో చెప్పే అంకె ఐపీకైతే 0x0800, ఏఆర్‌పీకైతే 0x0806. అందుకే అది రౌటర్ దాటదు. రెండు లేయర్ల మధ్య గుమ్మంలో నిలబడ్డ మనిషి అది.

పింగ్‌కు ఆధారమైన ఐసీఎంపీ ఐపీ ప్యాకెట్ లోపలే వెళుతుంది, అయినా మూడో లేయర్‌లోనే లెక్కిస్తారు, ఎందుకంటే ఐపీ బాగోగులు చెప్పడమే దాని పని. దారులు నిర్ణయించే మూడు ప్రోటోకాల్స్ చూడండి. ఓఎస్‌పీఎఫ్ నేరుగా ఐపీ మీద, ఆర్‌ఐపీ యూడీపీ 520 పోర్ట్ మీద, బీజీపీ టీసీపీ 179 పోర్ట్ మీద నడుస్తాయి. మూడింటి పనీ మూడో లేయర్‌దే, ఎక్కిన బండ్లు వేరు. రాతపరీక్షలో పనిని బట్టి నెట్‌వర్క్ లేయర్ అని రాసి, ప్రయాణం దేని మీదో ఒక వాక్యం చేర్చితే ఏ ఎగ్జామినర్ అయినా ఒప్పుకుంటాడు. టీఎల్‌ఎస్ అయితే టీసీపీకి పైన, హెచ్‌టీటీపీకి కింద. ఏడు గళ్ల చట్రంలో దానికి అచ్చంగా సరిపడే గడి లేదు. మీ పుస్తకం ఏ గడిలో పెట్టిందో అక్కడ పెట్టి, వైవాలో అడిగితే ఈ సంగతి చెప్పండి.

నేను కలిపిన ఐదో వరుసకు కూడా మినహాయింపు ఉంది. ఇళ్లలో పెట్టుకునే వైఫై రౌటర్ రౌటర్ పని ఒక్కటే చేయదు. ఇంట్లో ఉన్న ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ అన్నీ బయటికి ఒకే ఐపీ అడ్రస్‌తో కనిపించేలా చిరునామాలు మారుస్తుంది. నాట్ అంటారు దీన్ని. ఎవరి జవాబు ఎవరికివ్వాలో గుర్తుంచుకోవడానికి అది నాలుగో లేయర్ పోర్ట్ నంబర్లను కూడా విప్పి చూస్తుంది, మారుస్తుంది, టీసీపీ చెక్‌సమ్‌ను సైతం సవరిస్తుంది. కాబట్టి దారి పొడవునా ఐపీ అడ్రస్ మారదన్న వాక్యం రాసేటప్పుడు, మధ్యలో నాట్ లేకపోతే అన్న మాట చేర్చాలి.

పట్టిక పరీక్ష హాలు దాటాక

హాస్టల్ నుంచి ఫోన్ వస్తుంది. "సార్, వైఫై ఫుల్ ఉంది, నెట్ మాత్రం రావట్లేదు." ఈ వాక్యాన్ని పట్టికలో పెట్టి చదవండి. వైఫై గీతలు నిండుగా ఉన్నాయంటే సిగ్నల్ బలంగా అందుతోందని మాత్రమే అర్థం. అది అడుగు గళ్ల కబురు. నెట్ రావట్లేదన్నది పై గడి ఫిర్యాదు. మధ్యలో ఎక్కడ తెగిందో కింది నుంచి ఒక్కో మెట్టు ఎక్కుతూ చూడాలి. విండోస్‌లో ఈ నాలుగు కమాండ్లు చాలు.

```
ipconfig
ping 10.0.1.1
ping 8.8.8.8
nslookup example.com
```

మొదటిది మీ ఐపీ అడ్రస్, గేట్‌వే చూపిస్తుంది. అడ్రస్ 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ నుంచి అడ్రస్ రాలేదని, సిస్టమ్ తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. ఇంక పైకి వెళ్లనక్కర్లేదు. అడ్రస్ బాగుంటే రెండో కమాండ్‌లో మీ గేట్‌వే అడ్రస్ ఇవ్వండి. జవాబొస్తే మీ వీధి క్షేమం. మూడోది వీధి బయటి యంత్రాన్ని పలకరిస్తుంది. అదీ పలికి, నాలుగోదానికి జవాబు రాకపోతే దారి బాగుంది, పేర్లు వెతికే డీఎన్‌ఎస్ దగ్గర చిక్కుంది. అన్నీ పలికినా పేజీ రాకపోతే తప్పు అంతకంటే పైన, బ్రౌజర్‌లోనో ఆ సైటులోనో ఉంది.

ఒక జాగ్రత్త. కొన్నిచోట్ల ఫైర్‌వాల్స్ ఐసీఎంపీని ఆపేస్తాయి. పింగ్‌కు జవాబొస్తే అక్కడిదాకా దారి ఉందని గట్టిగా చెప్పవచ్చు. జవాబు రాకపోతే దారి లేదని మాత్రం చెప్పలేం.

చివరికి మొదటి ప్రశ్నకు రుజువు ఒకటి మీ కంప్యూటర్‌లోనే ఉంది. నాలుగైదు సైట్లు తెరవండి. అన్నీ ఊరికి దూరంగా, ఎక్కడెక్కడో ఉన్న సర్వర్లే అయి ఉంటాయి. తర్వాత ఈ కమాండ్ కొట్టండి.

```
arp -a
```

మీ కంప్యూటర్‌కు తెలిసిన మ్యాక్ అడ్రస్‌లన్నీ తెర మీదకు వస్తాయి. మల్టీకాస్ట్, బ్రాడ్‌కాస్ట్ కోసం సిస్టమ్ పెట్టుకున్న వరుసలు కొన్ని ఉంటాయి. అవి పోగా మిగిలేవి మీ గేట్‌వే, మీ వీధిలోని ఒకటి రెండు యంత్రాలు. మీరు తెరిచిన సైట్లలో ఒక్కదాని సర్వర్ కూడా ఆ జాబితాలో ఉండదు. ఫ్రేమ్ మీద సర్వర్ మ్యాక్ అడ్రస్ రాయడం మీ కంప్యూటర్‌కు చేతకాదు. దానికి ఆ అడ్రస్ ఎన్నడూ తెలియదు.